ఆవిరి పట్టిక ముందు మొదటి ప్రశ్న

ఇంజనీరింగ్ పరీక్ష హాల్లోకి పుస్తకం పట్టుకెళ్లనిచ్చే సబ్జెక్టులు తక్కువ. థర్మోడైనమిక్స్ వాటిలో ఒకటి. స్టీమ్ టేబుల్స్, మోలియర్ చార్ట్ వాడుకోవచ్చని ప్రశ్నపత్రం మీదే అచ్చు వేసి ఉంటుంది. చేతిలో పల్చటి పుస్తకం, నీటి గురించి అడగదగ్గ అంకెలన్నీ అందులోనే. అయినా "10 బార్, 150 డిగ్రీల దగ్గర నీటి ఎంథాల్పీ ఎంత?" అన్న ఒక్క లైను ప్రశ్న దగ్గర పేజీలు అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయే విద్యార్థులు ప్రతి హాల్లోనూ కనిపిస్తారు. అంకె లేక కాదు, ఏ పేజీ తెరవాలో తేలక.

వాళ్లు పాఠం వినలేదా అంటే, శ్రద్ధగానే విన్నారు. ఆ పాఠం నడిచే తీరు ఏ కాలేజీలోనైనా ఇంచుమించు ఒకటే. లెక్చరర్ బోర్డు మీద సిలిండర్, దాని మీద పిస్టన్ గీస్తారు. లోపల చల్లటి నీళ్లు. కింద నుంచి వేడి ఇస్తే నీళ్లు వేడెక్కుతాయి, మరుగుతాయి, కాసేపు నీళ్లూ ఆవిరీ కలిసి ఉంటాయి, చివరికి అంతా ఆవిరై ఇంకా వేడెక్కుతుంది. ఆ ప్రయాణమే గుమ్మటం ఆకారంలో ఉన్న పటంగా మారుతుంది. గుమ్మటానికి ఎడమ పక్క ద్రవం, లోపల తడి ఆవిరి, కుడి పక్క సూపర్‌హీటెడ్ ఆవిరి. తర్వాత డ్రైనెస్ ఫ్రాక్షన్ నిర్వచనం, రెండు మూడు లెక్కలు, గంట కొట్టేస్తారు. విషయం బుర్రకెక్కడానికి ఈ వరస సరైనదే. చిక్కల్లా ఏమిటంటే, లెక్క ఈ వరసలో రాదు. లెక్క రెండు అంకెలు చేతిలో పెట్టి మూడోది అడుగుతుంది. ఆ రెండు అంకెలు గుమ్మటానికి ఏ పక్కన పడతాయో అది చెప్పదు.

అందుకని పాఠాన్ని చూడగానే పనికొచ్చే ఒక షీటుగా మార్చడమంటే నోట్సును కుదించి రాయడం కాదు. పాఠం వరసను పక్కన పెట్టి ప్రశ్న వరసలో మళ్లీ పేర్చడం. పని మొదలుపెట్టేటప్పుడు నోట్సంతా ఒకసారి చదువుతూ, లెక్చరర్ టేబుల్ తెరిచిన ప్రతిచోటా పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకోవాలి. గుర్తు పక్కన మూడే ముక్కలు: ఏ రెండు ఇచ్చారు, ఏది అడిగారు, ఏ పేజీలోకి వెళ్లారు. నిర్వచనాలు, పటాలు, సమీకరణాలు రాబట్టిన తీరు ఇవేవీ షీటులోకి రానక్కర్లేదు. అవి నోట్సులోనే ఉంటాయి, ఎక్కడికీ పోవు. ఇలా గుర్తులు పెట్టాక, వేరు వేరుగా కనిపించిన లెక్కలన్నీ నాలుగైదు రకాల్లోకి సర్దుకుంటాయి. టర్బైన్ లెక్కా, బాయిలర్ లెక్కా పైకి సంబంధం లేనట్టుంటాయి గానీ, టేబుల్ దగ్గరికి వచ్చేసరికి రెండూ "పీడనం, ఇంకో లక్షణం ఇచ్చారు" అనే ఒకే గడిలో కూర్చుంటాయి.

రెండు లక్షణాలే ఎందుకు? నీటిలాంటి శుద్ధ పదార్థం ఏ స్థితిలో ఉందో తేల్చడానికి ఒకదానితో ఒకటి ముడిపడని రెండు లక్షణాలు చాలు. "ముడిపడని" అన్న మాట దగ్గరే అసలు మెలిక ఉంది. నీళ్లు మరుగుతున్నంతసేపూ పీడనం, ఉష్ణోగ్రత విడివిడిగా ఉండవు. 10 బార్ల దగ్గర మరిగే నీళ్లు 179.88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ రెండూ కలిపి ఇచ్చినా ఇచ్చింది ఒక్కటే కింద లెక్క. అలాంటి ప్రశ్నలో డ్రైనెస్ ఫ్రాక్షనో మరొకటో తప్పకుండా ఇచ్చి ఉంటారు, వెతకాలి.

షీటులో మొదటి గడి పీడనం, ఉష్ణోగ్రత రెండూ ఇచ్చిన లెక్కలకు. చేయాల్సిన పరీక్ష ఒకటే. ఇచ్చిన పీడనం దగ్గర మరిగే ఉష్ణోగ్రత ఎంతో చూసి, ఇచ్చిన ఉష్ణోగ్రతతో పోల్చాలి. ఎక్కువుంటే సూపర్‌హీటెడ్ పేజీ, తక్కువుంటే ద్రవం. 10 బార్, 300 డిగ్రీలు ఇచ్చారనుకుంటే, 300 అనేది 179.88 కన్నా ఎక్కువ కాబట్టి సూపర్‌హీటెడ్ పేజీలో 10 బార్ల కింద 300 వరస. h = 3051.6 కిలోజౌళ్లు, కిలోకి. ఇందులో తికమక పడడానికేమీ లేదు.

తికమకంతా రెండో సగంలో ఉంది. మొదట్లో అడిగిన 10 బార్, 150 డిగ్రీల ప్రశ్నే తీసుకుంటే, 150 అనేది 179.88 కన్నా తక్కువ. అంటే ఇంకా మరగని నీళ్లు. మన విద్యార్థుల చేతుల్లో తిరిగే పల్చటి టేబుళ్లలో ఇలాంటి నీటికి ప్రత్యేకంగా పేజీ కనిపించదు. అప్పుడు చెయ్యి సహజంగా ప్రెషర్ టేబుల్లో 10 బార్ల వరస మీదికి పోతుంది, hf గడిలో 762.51 కనిపిస్తుంది, అదే రాసేస్తారు. అది 179.88 డిగ్రీల నీటి ఎంథాల్పీ, 150 డిగ్రీల నీటిది కాదు. నీటిని నొక్కితే దాని ఎంథాల్పీ పెద్దగా మారదు, వేడి చేస్తే మారుతుంది. కాబట్టి ద్రవానికి వరస ఎంచుకోవాల్సింది ఉష్ణోగ్రతను బట్టి. టెంపరేచర్ టేబుల్లో 150 వరసలో hf = 632.18. అదే జవాబు. తప్పుగా రాసిన దానికీ దీనికీ తేడా 130 కిలోజౌళ్లు.

పీడనం వల్ల వచ్చే కాస్త హెచ్చు కూడా కావాలనుకుంటే ఒక సవరణ ఉంది:

h ≈ hf + vf (P − Psat)

150 డిగ్రీల దగ్గర vf = 0.001091, ఆ ఉష్ణోగ్రతకు మరిగే పీడనం 476.2 కిలోపాస్కల్స్. 0.001091 × (1000 − 476.2) చేస్తే 0.57 వస్తుంది. మొత్తం 632.75. పది బార్ల దగ్గర ఈ సవరణ చేసినా మానినా ఒకటే. ఫీడ్ పంపు వంద బార్లకు పైగా ఎత్తే చోట మాత్రం మానకూడదు, ఎందుకంటే పంపు చేసే పని అంతా ఆ చిన్న ముక్కలోనే ఉంటుంది. షీటులో ఈ సవరణ పక్కన "పంపు లెక్కకు తప్పనిసరి" అని రాసుకుంటే చాలు.

రెండో గడి షీటు మొత్తానికీ గుండెకాయ. పీడనం ఇచ్చారు, దాంతోపాటు h, v, u, s లలో ఏదో ఒకటి ఇచ్చారు. పరీక్ష నాలుగింటికీ ఒకటే: ఆ పీడనం వరసలో f గడి, g గడి చూసి, ఇచ్చిన విలువ ఎక్కడ పడుతుందో చూడాలి. f కన్నా తక్కువైతే ద్రవం, రెండిటి మధ్య పడితే తడి ఆవిరి, g కన్నా ఎక్కువైతే సూపర్‌హీటెడ్. ఒకే పీడనం తీసుకుని మూడు విలువలతో చేసి చూపిస్తే తేడా కళ్లకు కడుతుంది. 10 బార్ల వరసలో hf = 762.51, hfg = 2014.6, hg = 2777.1.

h = 2500 ఇచ్చారు. 762.51కీ 2777.1కీ మధ్య ఉంది, తడి ఆవిరి. డ్రైనెస్ ఫ్రాక్షన్

x = (2500 − 762.51) / 2014.6 = 0.862

ఉష్ణోగ్రత అడిగితే లెక్కే లేదు, 179.88 డిగ్రీలు.

అదే పీడనంలో h = 3000 ఇస్తే 2777.1 దాటింది. సూపర్‌హీటెడ్ పేజీలో 10 బార్ల కింద 250 డిగ్రీలకు 2943.1, 300 డిగ్రీలకు 3051.6. 3000 ఆ రెండిటి మధ్య. 50 డిగ్రీల ఎడంలో (3000 − 2943.1) / 108.5 వంతు, అంటే 26.2 డిగ్రీలు. జవాబు 276.2 డిగ్రీలు.

h = 500 ఇస్తే 762.51 కన్నా తక్కువ, ద్రవం. ద్రవానికి ఉష్ణోగ్రతే దారి అని మొదటి గడిలో తేలింది కాబట్టి టెంపరేచర్ టేబుల్లో hf గడి 500 ఎక్కడ దాటుతుందో చూడాలి. 115 డిగ్రీలకు 482.59, 120కి 503.81. మధ్యలో లెక్కిస్తే సుమారు 119 డిగ్రీలు.

ఈ పరీక్ష చేయకుండా తిన్నగా x సూత్రంలోకి దూకేవాళ్లకు కూడా సూత్రమే ఒక హెచ్చరిక ఇస్తుంది. h = 3000 తో x కడితే 1.11 వస్తుంది. h = 500 తో కడితే మైనస్ 0.13. వంద కిలోల తడి ఆవిరిలో 111 కిలోల పొడి ఆవిరి ఉండడం జరిగే పని కాదు. x ఒకటి దాటితే సూపర్‌హీటెడ్ పేజీకి, సున్నా కిందికి పోతే ద్రవానికి వెళ్లమని అర్థం. షీటులో ప్రతి గడి చివరా ఇలాంటి ఒక పరీక్ష ఉండాలి. జవాబు తప్పని తెలిసే దారి లేని షీటు, వేగంగా తప్పు చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఎంట్రపీకి విడిగా గడి పెట్టుకునే అలవాటు చాలా నోట్సుల్లో ఉంటుంది, కానీ అవసరం లేదు. టర్బైన్ లెక్క కూడా ఇదే గడి. 10 బార్, 300 డిగ్రీల ఆవిరి ఎంట్రపీ 7.1246. ఆదర్శ టర్బైన్లో అది మారదు. బయటికొచ్చేది 1 బార్ దగ్గరైతే, ఆ వరసలో sf = 1.3028, sg = 7.3589. 7.1246 మధ్యలో పడింది, కాబట్టి తడి ఆవిరి, x = 0.961. కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు, h ఉన్నచోట s రాశాం అంతే.

ఈ రెండు గడులూ ఒకే లెక్కలో ఎలా కలుస్తాయో, ఎక్కడ బెడిసికొడతాయో చూడాలంటే థ్రాట్లింగ్ కెలోరీమీటరుకు మించిన ఉదాహరణ లేదు. థర్మల్ ల్యాబుల్లో కనిపించే ఈ పరికరం పని, పైపులో పోతున్న ఆవిరి ఎంత తడిగా ఉందో చెప్పడం. తడి ఆవిరి పీడనం, ఉష్ణోగ్రత కొలిస్తే ప్రయోజనం లేదు, ఆ రెండూ ఒకటే కాబట్టి. అందుకని కాస్త ఆవిరిని సన్నటి కంత గుండా వాతావరణ పీడనానికి వదులుతారు. ఆ దాటడంలో ఎంథాల్పీ మారదు. పీడనం పడిపోయేసరికి ఆవిరి ఆరిపోయి సూపర్‌హీటెడ్ అవుతుంది. ఇప్పుడు పీడనం, ఉష్ణోగ్రత విడిపోయాయి, థర్మామీటరు పనికొస్తుంది.

పైపులో 10 బార్లు, కంత దాటాక 1 బార్, 120 డిగ్రీలు చూపించిందనుకుందాం. బయటి స్థితికి రెండూ ఇచ్చారు, అంటే మొదటి గడి. 1 బార్ దగ్గర మరిగేది 99.61 డిగ్రీలకు, 120 దాన్ని దాటింది, సూపర్‌హీటెడ్. 1 బార్ కింద 100 డిగ్రీలకు 2675.8, 150 డిగ్రీలకు 2776.6. 120కి 2716.1. ఇదే పైపులోని ఆవిరి ఎంథాల్పీ కూడా. అక్కడ పీడనం, h ఇచ్చినట్టే, అంటే రెండో గడి. x = (2716.1 − 762.51) / 2014.6 = 0.970. వంద కిలోల ఆవిరిలో మూడు కిలోలు నీళ్లన్నమాట.

ఇప్పుడు అదే పరికరంలో థర్మామీటరు 120 బదులు 99.6 చూపించిందనుకోండి. పరికరం చెడిపోలేదు, గాలి చొరబడలేదు. ఆవిరి మరీ తడిగా ఉండి, కంత దాటాక కూడా గుమ్మటం లోపలే ఉండిపోయింది. మళ్లీ పీడనం, ఉష్ణోగ్రత ఒకటైపోయాయి, h తేలదు. ఈ హద్దు ఎక్కడుందో టేబులే చెబుతుంది. బయట కనీసం hg, అంటే 2675.0 ఉండాలి. దాన్ని 10 బార్లలో పెడితే x = 0.949. ఆవిరిలో అయిదు శాతం కన్నా ఎక్కువ నీళ్లుంటే ఈ పీడనాల మధ్య ఈ పరికరం మూగబోతుంది. 99.6 చూసి "h = 2675, x = 0.95" అని రికార్డులో రాసేసిన విద్యార్థికి అంకె దొరికింది గానీ కొలత దొరకలేదు. అసలు x 0.80 అయినా ఆ థర్మామీటరు అదే చూపించేది.

మూడో గడి ఇంటర్‌పోలేషన్. ఒక వరసలో రెండు ఉష్ణోగ్రతల మధ్య లెక్క కట్టడం ఇంటర్లోనే వచ్చిన పని, దానికి ఎక్కువ చోటు ఇవ్వనక్కర్లేదు. పీడనం కూడా టేబుల్లో లేనిదైతే రెండు పీడనాల దగ్గరా విలువలు తీసి వాటి మధ్య మళ్లీ కడతారు. క్లాసులో ఇంతవరకు చెబుతారు. v దగ్గర ఇది మోసం చేస్తుందన్న సంగతి మాత్రం చాలామంది నోట్సుల్లోకి ఎక్కదు.

ఒక టేబుల్లో 5 బార్లు, 10 బార్లు మాత్రమే ఉన్నాయనుకుందాం. 8 బార్, 300 డిగ్రీల దగ్గర విలువలు కావాలి. h సంగతి ముందు. 5 బార్లకు 3064.6, 10 బార్లకు 3051.6. అయిదులో మూడు వంతులు ముందుకెళితే 3056.8. వివరమైన టేబుల్లో చూస్తే 3056.9. బ్రహ్మాండం. ఇప్పుడు v. 5 బార్లకు 0.52261, 10 బార్లకు 0.25799. అదే పద్ధతిలో కడితే 0.3638. వివరమైన టేబుల్లో ఉన్నది 0.32416. పన్నెండు శాతం తేడా! లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. పీడనం రెట్టింపైతే ఆవిరి ఘనపరిమాణం దాదాపు సగమవుతుంది. ఆ వంపు తిరిగిన గీతను తిన్నని గీతగా అనుకోవడంలోనే తప్పు.

దీనికి మందు చాలా తేలిక. v బదులు P, v ల గుణకారాన్ని ఇంటర్‌పోలేట్ చేయాలి. బార్లలో తీసుకుంటే 5 × 0.52261 = 2.6131, 10 × 0.25799 = 2.5799. ఈ రెండూ దాదాపు ఒకటే కాబట్టి మధ్యలో ఏ వంపూ లేదు. అయిదులో మూడు వంతులకు 2.5932. దాన్ని 8తో భాగిస్తే 0.32415. టేబుల్లో విలువకూ దీనికీ చివరి అంకెలో ఒకటే తేడా. షీటులో ఇంటర్‌పోలేషన్ గడి మీద ఎర్ర సిరాతో రాయాల్సిన మాట ఇదొక్కటే: పీడనాల మధ్య v ని తిన్నగా కట్టకు, Pv కట్టి భాగించు.

ఇదే చోట ఇంకో గొయ్యి కూడా ఉంది. 10 బార్, 190 డిగ్రీలు కావాలని 150కీ 200కీ మధ్య కట్టేవాళ్లుంటారు. 150 దగ్గర అది నీళ్లు, 200 దగ్గర ఆవిరి. మధ్యలో 2014.6 కిలోజౌళ్ల అగాధం ఉంది. కట్టాల్సింది 179.88 డిగ్రీల సంతృప్త ఆవిరికీ 200కీ మధ్య.

పీడనం గానీ ఉష్ణోగ్రత గానీ ఇవ్వని లెక్కలు నాలుగో గడి. ఇవి మూతపెట్టిన గట్టి పాత్రల లెక్కలు. పాత్ర సాగదు, లోపలి సరుకు బయటికి పోదు, కాబట్టి v మారదు. ఇచ్చినట్టు కనిపించకపోయినా అదే ఇచ్చిన లక్షణం. 10 బార్, 300 డిగ్రీల ఆవిరి ఉన్న పాత్ర చల్లారి 5 బార్లకు వచ్చింది, ఎంత వేడి పోయింది? మొదటి స్థితిలో v = 0.25799. చివర పీడనం 5 బార్లు, v అదే, అంటే తిరిగి రెండో గడి. 5 బార్లలో vf = 0.001093, vg = 0.37483. మధ్యలో పడింది, తడి ఆవిరి.

x = (0.25799 − 0.001093) / 0.373737 = 0.687

పాత్రలో పిస్టన్ లేదు, పని జరగలేదు. కాబట్టి పోయిన వేడి అంతర్గత శక్తిలో తగ్గుదల. మొదట u = 2793.7, చివర 639.54 + 0.6874 × 1921.2 = 1960.1. కిలోకి 833.6 కిలోజౌళ్లు పోయాయి. ఇక్కడ అలవాటుకొద్దీ u బదులు h వాడితే 962.5 వస్తుంది. ఆ రెండిటి మధ్య తేడా 129 ఎక్కడిదో వెతికితే, అది v ని పీడనంలో తగ్గుదలతో గుణిస్తే వచ్చేదే: 0.258 × 500. అంటే జరగని పనిని కూడా లెక్కలో వేసినట్టు. మూసిన పాత్రకు u, పారే ఆవిరికి h అన్న తేడాను క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా, షీటులో ఈ గడి పక్కన పెట్టె కట్టి రాసుకోవాల్సిందే.

కొన్ని టేబుళ్లలో u గడే ఉండదు. అప్పుడు u = h − Pv. పీడనాన్ని కిలోపాస్కల్స్‌లో పెట్టాలి: 3051.6 − 1000 × 0.25799 = 2793.6. బార్లలో పెట్టి 10 × 0.25799 తీసేస్తే 3049 వచ్చి కూర్చుంటుంది. ఆవిరిలో u, h దాదాపు సమానంగా కనిపిస్తే యూనిట్ల తప్పు జరిగిందనే అనుకోవాలి, వందో రెండు వందలో తేడా ఉండి తీరాలి.

అన్నిటికన్నా మొండి రకం, v, u రెండే ఇచ్చి పీడనం అడిగేది. దీనికి ఏ పేజీ తెరవాలో ఏ షీటూ చెప్పలేదు. ఒక పీడనం ఊహించుకుని, v తో x కట్టి, ఆ x తో u కట్టి, ఇచ్చిన u తో పోల్చుకోవాలి. పై లెక్కనే తిరగేద్దాం. v = 0.25799, u = 1960, పీడనం తెలియదు. 6 బార్లు ఊహిస్తే x = 0.817, u = 2219. ఎక్కువైంది. 4 బార్లు ఊహిస్తే x = 0.557, u = 1689. తక్కువైంది. మధ్యలో ఇంటర్‌పోలేట్ చేస్తే 5.02 బార్లు. అసలు జవాబు 5 అని ముందే తెలుసు కాబట్టి పద్ధతి సరిగానే పనిచేస్తోందని కూడా తేలింది. షీటు తయారయ్యాక దాన్ని పరీక్షించాల్సింది ఇలాగే. తెలిసిన స్థితి నుంచి రెండు లక్షణాలు తీసి, ఇంకో గడి గుండా వెనక్కి వచ్చి, బయల్దేరిన చోటికే చేరామా లేదా చూడాలి.

గడులన్నీ అయ్యాక షీటు నెత్తిన రాయాల్సినవి ఉంటాయి. మొదటిది, టేబుల్లో పీడనం ఎప్పుడూ అసలు పీడనం, గేజి చూపించేది కాదు. వంటింటి ప్రెషర్ కుక్కరుతో దీన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు. విజిల్ బరువు లోపలి పీడనాన్ని వాతావరణం మీద సుమారు ఒక బార్ ఎక్కువగా నిలుపుతుంది. ఆ ఒక బార్ పట్టుకుని టేబుల్ చూస్తే 99.61 డిగ్రీలు వస్తుంది. అదే నిజమైతే కుక్కరుకూ మూతలేని గిన్నెకూ తేడా ఉండకూడదు, కందిపప్పు గంట సేపు ఉడకాలి. వాతావరణపు ఒక బార్ కలిపి 2 బార్ల వరస చూస్తే 120.2 డిగ్రీలు. పప్పు త్వరగా ఉడికే కారణం ఆ ఇరవై డిగ్రీలే.

రెండోది, ఏ టేబుల్ వాడారో దాని పేరు. ఆవిరి అంకెలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1840ల్లో పారిస్‌లో రెన్యో కొలతలతో మొదలై, 1929లో లండన్లో జరిగిన అంతర్జాతీయ ఆవిరి పట్టికల సమావేశం, 1936లో అమెరికాలో కీనన్, కీస్ ప్రచురించిన పట్టికలు, 1997లో పరిశ్రమల కోసం ఖరారైన సమీకరణాల దాకా సవరిస్తూ వచ్చినవి. నీటి విషయంలో ఇవాళ దొరికే టేబుళ్ల మధ్య తేడా దశాంశాల్లోనే ఉంటుంది, ఎందుకంటే అన్నీ 0.01 డిగ్రీల ద్రవాన్ని సున్నాగా పెట్టుకున్నాయి. ఫ్రిజ్ లెక్కల్లో వాడే ఆర్134ఏ సంగతి అలా కాదు. సున్నా డిగ్రీల దగ్గర దాని ద్రవ ఎంథాల్పీ ఒక టేబుల్లో 200 ఉంటే, ఇంకో దాంట్లో 52 దరిదాపుల్లో ఉంటుంది. రెండూ సరైనవే. సున్నా ఎక్కడ పెట్టారన్నదే తేడా. ఒక విలువ ఒక పుస్తకంలో, ఇంకోటి మరో పుస్తకంలో తీసి తీసివేత చేస్తే మాత్రం వచ్చిన జవాబుకు అర్థమే లేదు.

ఇంత కష్టపడి చేసిన షీటు పరీక్ష హాల్లోకి వెళ్లదన్నది వేరే సంగతి. స్టీమ్ టేబుల్ పుస్తకంలో చేతిరాత కనిపిస్తే ఇన్విజిలేటర్ ఊరుకోరు. షీటు ఉపయోగమంతా ముందు రోజుల సాధనలోనే.

షీటు మొత్తం నిలబడింది "ఈ పీడనం దగ్గర ఎన్ని డిగ్రీలకు మరుగుతుంది" అన్న ఒకే ప్రశ్న మీద. ఆ ప్రశ్నకు జవాబు ఉన్నంత వరకే ఇది పనిచేస్తుంది. నీటికి 220.64 బార్లు, 373.95 డిగ్రీల దగ్గర గుమ్మటం శిఖరం వస్తుంది. ఆ పైన మరగడమనేదే లేదు, నీరు ఎక్కడ ఆగి ఆవిరి ఎక్కడ మొదలైందో చెప్పే గీత ఉండదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఉన్న 800 మెగావాట్ల యూనిట్లు ఈ శిఖరం పైనే నడిచే సూపర్‌క్రిటికల్ రకం. అక్కడి బాయిలర్ లెక్క చేయాలంటే ప్రెషర్ టేబుల్ తెరిచి f, g గడుల కోసం వెతికి లాభం లేదు, 220.64 దగ్గరే ఆ పేజీ అయిపోతుంది. పీడనం, ఉష్ణోగ్రత పట్టుకుని తిన్నగా సూపర్‌హీటెడ్ పేజీలోకే పోవాలి. అందులోనూ శిఖరం దరిదాపుల్లో విలువలు కొద్ది డిగ్రీలకే నిటారుగా మారిపోతాయి, 50 డిగ్రీల ఎడంతో ఇంటర్‌పోలేషన్ నమ్మడానికి లేదు. అదే ఆవిరి టర్బైన్‌లో పని చేసి పీడనం తగ్గి కండెన్సర్ దాకా వచ్చేసరికి గుమ్మటం లోపలికి దిగుతుంది. అక్కణ్నుంచి మళ్లీ రెండో గడి.